నూనె తేలిన కూర

సరళ కొబ్బరి చిప్పను ఈలపీట కొసనున్న పళ్ళకు ఆనించి తిప్పుతోంది. తెల్లటి కోరు కింద పళ్ళెంలోకి రాలుతోంది. అడుగున గోధుమరంగు పొట్టు తగలకముందే చెయ్యి ఆపాలి. పొట్టు కలిస్తే పాల రంగు మారిపోతుంది. ఆమె కళ్ళు చిప్ప మీద ఉన్నా చెవులు మాత్రం వీధి కొళాయి దగ్గరే ఉన్నాయి. నీళ్ళు ఏ వేళకు వదులుతారో ఊళ్ళో ఎవరికీ తెలియదు. వదిలినప్పుడు చేతిలో పని ఏదున్నా పరిగెత్తాల్సిందే.

పొయ్యి ముందు కూచుని కోడి ముక్కలకు పసుపు పట్టిస్తున్న సిద్దమ్మ కోడలి పని చాలాసేపటి నుంచి ఓరగా చూస్తోంది.

"పచ్చి కొబ్బరి పిండి పాలు తీసేదేంది సరళా. ఎండుకొబ్బరి ఇంత, చెనిక్కాయలు ఇన్ని నూరి ఏస్తే కూర కూర మాదిరి ఉంటాది గదా."

"వాళ్ళు పాలతోనే అడిగినారత్తా."

"అడుగుతారు. అడిగేదానికేముండాది. రేపు ఆకాశంలో వాన మోడాలు తెచ్చి తాలింపు ఏయమంటారు."

అరుగు మీద నుంచి రామప్ప నవ్వాడు. సిద్దమ్మ భర్త ఆయన. తెల్ల చొక్కా తొడుక్కుని, గుడ్డసంచి పక్కన పెట్టుకుని, బోరుకు చోటు చూపమని పిలిచిన హనుమంతప్ప బండి కోసం ఎదురుచూస్తున్నాడు. చుట్టుపక్కల ఊళ్ళలో బోరు వేయాలనుకున్నవాళ్ళు ముందు రామప్పను పిలుస్తారు. అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. కాయ ఎక్కడ నిలువుగా లేస్తే అక్కడ నీళ్ళున్నట్టు. సంచిలో ఉన్నది ఆ కాయే. పాతది ఎండిపోతే మొన్ననే కళ్యాణదుర్గం నుంచి కొత్తది తెచ్చుకున్నాడు.

"మోడాలు దొరికితే నాకూ ఇంత పెట్టమ్మా, చేన్లో చల్లుకుంటా," అన్నాడు.

"నువ్వు మాట్లాడద్దు. నీ కాయ లేచిన చోటల్లా దుమ్ము లేచింది గానీ నీళ్ళు లేచినాయా?" అంది సిద్దమ్మ.

రామప్పకు ఆ మాట కొత్త కాదు. సొంత చేనిలో కాయ లేచిన చోట వేసిన బోర్లలో తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. ఆ తర్వాతే కొడుకు తిప్పేష్ బెంగుళూరు దారి పట్టాడు.

తిప్పేష్ ఇప్పుడు నడవలో బ్యాగు సర్దుతున్నాడు. ఒక చొక్కా మడిచి పెడతాడు, ఫోను చూస్తాడు, లేచి వాకిలి దాకా పోయి వస్తాడు. బెంగుళూరులో ఇళ్ళు కట్టే మేస్త్రీ సోమవారానికి రమ్మన్నాడు. పోతే ముగ్గురూ పోవాలి. ఒక్కడే పోయి వండుకు తిని పనిచేయడం తన వల్ల కాదని చెప్పేశాడు. పోయినేడు కూతురు ప్రశాంతి బెంగుళూరులో రేకుల గుడిసె ముందున్న ఇసుక కుప్ప మీద ఏడాదంతా ఆడుకుంది. అక్షరాలు మరిచిపోయింది. ఈ ఏడు ఇక్కడి బడిలో మళ్ళీ పలక పట్టింది. ఇప్పుడు బడిలోనే ఉంది.

సరళకు పోవాలని లేదు.

అప్పుడే ఈ గాలిమరల వాళ్ళ మాట వచ్చింది. ఊరి పైనున్న మిట్ట మీద గాలిమరల బాగోగులు చూసే పనివాళ్ళకు, ఆ మిట్ట కిందున్న దాసప్ప వాళ్ళ పాత ఇల్లు బాడుగకిచ్చారు. అందులో ఉండే వాళ్ళంతా మగవాళ్ళు, ఎక్కువ మంది కేరళ వాళ్ళు. వాళ్ళ వంటమనిషి మానేసి పోయాడు. అక్కడ జీపు నడిపే రామాంజనేయులు ఈ ఊరివాడే. అతను వచ్చి, బెంగుళూరులో సరళ కేరళ వాళ్ళ మెస్సులో పని చేసిన సంగతి వాళ్ళకు చెప్పానన్నాడు. ఒక పూట కొబ్బరి పాల కోడికూర వండి పంపమన్నారట. నచ్చితే రెండు పూటలా వంట ఈ ఇంటికే ఇస్తారు.

తిప్పేష్ ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. "ఈడ వండు, నేను క్యారియర్ ఎత్తకపోతా. ఆ మగోళ్ళ ఇంటికి నువ్వు పోయే పని ల్యా." ఆ తర్వాత ఇంకో మాట చేర్చాడు. "వాళ్ళకు బాగలేదంటే సోమవారం బస్సుకు అందరం పోతాండాం. మళ్ళీ ఏడుపులు వద్దు."

సరళ సరేనంది. సరేననడం ఆమెకు అలవాటు. ఒక సంగతి మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మెస్సులో ఆమె గిన్నెలు కడిగింది, ఉల్లిగడ్డలు తరిగింది. కూర ఎన్నడూ వండలేదు. అక్కడ వండే పెద్దావిడ, కూరలో చిక్కటి పాలు పోసిన తర్వాత గరిటె ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. సరళ గోడవారన నిలబడి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, ఆవిడ మంట తగ్గించడం, గిన్నె అంచు వైపు చూడటం, సమయానికి దించడం, ఇవన్నీ చూసింది. చూడటం వేరు, తన చేత్తో చేయడం వేరు అని నిన్నటి నుంచి ఆమెకు పదేపదే అనిపిస్తోంది.

రెండు కాయల కోరును మిక్సీలో వేసి, కాసిని గోరువెచ్చని నీళ్ళు పోసి తిప్పింది. తెల్లటి పాత పంచె ముక్కలో వేసి పిండితే మీగడలాంటి పాలు చిన్న గిన్నెలోకి దిగాయి. ఆ గిన్నె గూట్లో పెట్టింది. పిప్పిని మళ్ళీ మిక్సీలో వేసి, ఈసారి నీళ్ళు ఎక్కువ పోసి, తిప్పి పిండింది. పలచటి పాలు ఇంకో గిన్నెకు వచ్చాయి. అంతలో కరెంటు పోయింది.

"పాయె," అన్నాడు తిప్పేష్ నడవలోంచి. "గాలిమరలు మన నెత్తిన్నే తిరుగుతాండాయ్. కరెంటు యాడికి పోతాదో ఆ దేవునికే ఎరుక."

గ్యాసు బండ అయిపోయి వారమైంది. కట్టెల పొయ్యి మీదే వండాలి. సరళ ఉల్లిగడ్డలు, అల్లం, పచ్చిమిరపకాయలు, కరివేపాకు మగ్గించి, కోడి ముక్కలు వేసి, ఉప్పు చల్లి, పలచటి పాలు పోసింది. ముక్క ఉడకాల్సింది ఈ పాలలోనే. చిక్కటి పాలు ఆఖరున. తుమ్మ కట్టె ఒకటి వెనక్కి లాగింది. కూర మీద చిన్న చిన్న బుడగలు నెమ్మదిగా లేస్తున్నాయి.

"నీళ్ళొచ్చినాయి," అని వీధిలో ఎవరో కేక వేశారు.

సరళ రెండు బిందెలు అందుకుంది. గడప దాటబోతూ ఆగింది. ఏదో చెప్పాలి. మంట పెంచొద్దు, గూట్లో పాలు ముట్టుకోవద్దు అని చెప్పాలి. కానీ ముప్పై ఏళ్ళుగా ఈ ఊరి జాతరలకూ పెళ్ళిళ్ళకూ పెద్ద గుండిగల్లో కూరలు దించిన మనిషికి, పొయ్యి దగ్గర ఏం చేయాలో, ఏం చేయకూడదో తను ఎట్లా చెబుతుంది?

"కూర కొంచెం చూస్తాండత్తా, ఇప్పుడే వస్తా," అని పరిగెత్తింది.

కొళాయి దగ్గర బిందెలు వరుసగా ఉన్నాయి. నీళ్ళు వేలు లావున వస్తున్నాయి. సరళ తన బిందెల పక్కన నిలబడి ఇంటి వైపు చూస్తోంది. ముందున్న ముసలావిడ ఒక బిందె నింపుకుని, ఇంకోటి పెట్టి, దాన్ని కడిగి, మళ్ళీ పెట్టింది.

"పెద్దమ్మా, కొంచెం బిరీన."

"ఎందుకే అంత తొందర? బెంగుళూరు బస్సు పోతాందా ఏమి?" అంది ముసలావిడ. వరుసలో ఒకరిద్దరు నవ్వారు. బ్యాగు సర్దుతున్న సంగతి అప్పటికే వీధంతా తెలుసు.

సరళ మళ్ళీ ఇంటి వైపు తిరిగింది. అప్పుడే చూసింది. ఇందాక తమ ఇంటి మీద సన్నగా ఉన్న పొగ ఇప్పుడు లావుగా, దుమ్మురంగులో లేస్తోంది. అది తుమ్మ కట్టె పొగ కాదు. కందికట్టె పొగ. కందికట్టె పుల్లలు వేస్తే మంట ఒక్కసారిగా గిన్నె మొత్తాన్ని కమ్ముకుంటుంది.

ఆమె బిందెలు వరుసలోనే వదిలేసి ఇంటికి నడిచింది. సగం దారి నుంచి పరిగెత్తింది.

సిద్దమ్మ పొయ్యి ముందు కొంగుతో మొహం తుడుచుకుంటోంది. మొహం ఎర్రగా, తృప్తిగా ఉంది. గూట్లో చిక్కటి పాల గిన్నె ఖాళీగా ఉంది.

"మరిచిపోయినట్టుండావ్, పాలు ఆడ్నే పెట్టి పోతివి. నేను పోసినాలే," అంది. "మూత పెట్టి బాగా కుతకుతలాడిచ్చినా. చూడు ఎట్లొచ్చిందో. నూనె తేలేదాకా విడవలా."

సరళ మూత తీసింది.

పైన లేత పసుపు నూనె మడుగులు మడుగులుగా నిలిచి ఉంది. దాని కింద విరిగిన పాలలాగా తెల్లటి రవ్వలు ముక్కలకు అంటుకుని ఉన్నాయి. ఆ రవ్వల కింద పలచటి నీళ్ళు. గరిటె పెట్టి తిప్పితే మూడూ ఒకసారి కలిసి, గరిటె ఆగగానే మళ్ళీ ఎవరి దారిన అవి పోయాయి.

ఆమె గరిటె పక్కన పెట్టింది. పొయ్యిలోంచి కందికట్టె లాగి నేలకేసి ఆర్పింది. సిద్దమ్మ వింతగా చూసింది.

"ఏమైంది?"

"ఇరిగిపోయింది అత్తా."

"యాడ ఇరిగింది? నూనె తేలింది కదమ్మా. కూర అయినట్టు ఇంగెట్ల తెలుస్తాది?"

సిద్దమ్మ మాటలో అబద్ధం లేదు. ఆమె చేతి కింద ఎన్ని కూరలైనా అట్లాగే అయ్యాయి. ఎండుకొబ్బరీ చెనిక్కాయలూ నూరి వేసిన మసాలా ఎంత ఉడికితే అంత రుచి. దానిలోంచి నూనె బయటికి వచ్చి ఎర్రగా పైన నిలిస్తే, అప్పుడు కట్టెలు లాగేస్తారు. నూనె తేలని కూర దించితే పచ్చివాసన అని పెళ్ళివాళ్ళు మొహాన్నే అంటారు. ఈ ఇంట్లో, ఈ ఊళ్ళో, కూర చూడటమంటే అదే.

తిప్పేష్ వచ్చి గిన్నెలోకి తొంగిచూశాడు. గరిటెతో కొంచెం అరచేతిలో పోసుకుని నాకాడు.

"రుచి బాగానే ఉండాది. ఉప్పూ కారం సరిపోయింది. దీనికేం రోగం? క్యారియర్లో పెట్టు, పంపిచ్చేద్దాం."

"నోట్లో రవ్వరవ్వగా తగుల్తాది. వాళ్ళు చిన్నప్పట్నించి తినేవాళ్ళు, మూత తీసేతాలికే తెలిసిపోతాది."

"తెలిస్తే తెలియనీ. వాళ్ళేమన్నా పెండ్లికొడుకులా?"

"నువ్వు బాగలేదంటే పోదామన్నావు కదా," అంది సరళ. గొంతు పెంచలేదు. "నువ్వు ఒప్పుకున్న మాట అది. ఈ కూర పంపితే నేను బ్యాగు సర్దుకున్నట్టే."

తిప్పేష్ అరచేయి గోడకు తుడుచుకున్నాడు. ఫోను చూసుకుంటూ నడవలోకి పోయాడు.

సిద్దమ్మ ఇంకా గిన్నె వైపే చూస్తోంది. "నాకు తెలిసేట్టు చెప్పు," అంది చివరికి. "కొబ్బరీ కొబ్బరే కదా. ఎండుదైతే ఉడకాల, పచ్చిదైతే ఉడకగూడదా?"

సరళ పొయ్యి పక్కన గొంతుక్కూచుంది. ఎప్పుడూ ఎవరికీ ఏదీ వివరించి ఎరగదు. మాటలు వెతుక్కుంటూ చెప్పింది.

"ఎండుకొబ్బరి నూరి ఏస్తే దాని నూనె బయటికి రావాలనే కదత్తా ఉడికిస్తాం. ఈ పాలల్లో నూనె బయటికి రాగూడదు. పిండినప్పుడు నూనె సన్నసన్న బొట్లుగా నీళ్ళల్లో కలిసి వస్తాది. ఒక్కో బొట్టు సుట్టూ ఒక పలచని పొర ఉంటాది. ఆ పొర ఉండబట్టే బొట్లు ఒకదాన్నొకటి అంటుకోవు, పాలు తెల్లగా చిక్కగా ఉంటాయి. ఆ పొర కోడిగుడ్డు తెల్లసొన మాదిరిది అంట. మెస్సులో ఆయమ్మ చెప్పింది. సెగ ఎక్కువైతే తెల్లసొన ఏమైతాది?"

"గట్టిపడతాది."

"అట్లే ఇదీ గట్టిపడి రవ్వలైతాది. మీద కుతకుతమని ఉడుకుతాంటే బొట్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. పట్టుకునే పొర ల్యాకపోతే అన్నీ కలిసిపోయి నూనె పైకొచ్చేస్తాది. నీళ్ళు కిందికి పోతాయి."

సిద్దమ్మ గరిటెతో ఒక రవ్వను పైకి తీసి వేళ్ళ మధ్య నలిపింది. నిజంగానే ఉడికిన గుడ్డు ముక్కలాగే మెత్తగా నలిగింది.

"అంటే నేను పొరలన్నీ ఉడకపెట్టేసినా," అంది.

సరళ తల వంచుకుంది.

"ముందే ఒక మాట చెప్పుంటే ఏమైతాండె నీకు? నోట్లో ఏం పెట్టుకున్యావు?"

"నీకు చెప్పేంత దాన్నా అత్తా."

"పొయ్యికి అత్తా కోడలా తెలుస్తాదా," అని సిద్దమ్మ లేచింది. కోపం ఎవరి మీదో ఆమెకే తెలియక ఖాళీ గిన్నెను గట్టిగా పక్కకు నెట్టింది.

మళ్ళీ వండాలంటే కొబ్బరికాయ కావాలి. ఊళ్ళో అంగట్లో ఎండు చిప్పలే దొరుకుతాయి. పచ్చి కాయలు శనివారం గుడి ముందు అమ్ముతారు, ఈ రోజు శుక్రవారమే. కళ్యాణదుర్గం పోయి వచ్చేసరికి వాళ్ళ భోజనాల వేళ దాటిపోతుంది. ఈ లెక్కలన్నీ నలుగురూ బయటికి అనకుండా వేసుకున్నారు. బయట ఎండలో గాలిమర రెక్క నీడ వాకిట్లోంచి పోయి, మళ్ళీ వచ్చి, మళ్ళీ పోతోంది.

రామప్ప అరుగు దిగి లోపలికి వచ్చాడు. సంచిలోంచి కాయ తీశాడు. పిలక విప్పలేదు, పసుపు రాసి ఉంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల నీళ్ళు గలగలమన్నాయి.

"మామా, అది వద్దు," అంది సరళ. "హనుమంతప్పన్న వస్తాంటాడు."

"రానీ. వానికి బోరు ఏసే దుడ్లు మిగుల్తాయి." కాయను కోడలి చేతిలో పెట్టాడు. "దీనితో నీళ్ళు చూపీలేకపోతి. పాలన్నా ఇస్తాదేమో చూడు."

సిద్దమ్మ ఎప్పటిలా ఒక మాట అంటుందని సరళ అనుకుంది. సిద్దమ్మ కాయను ఆమె చేతిలోంచి అందుకుంది. కాయ పసుపు కడిగి, పీచు లాగి, గడప రాతి మీద కొట్టింది. నీళ్ళు చెంబులోకి పట్టి భర్తకిచ్చింది. లోపల కండ దళసరిగా, తెల్లగా ఉంది.

కరెంటు ఇంకా రాలేదు. సరళ కోరిన కొబ్బరిని సిద్దమ్మ పెరట్లో రోట్లో వేసి రుబ్బింది. ఆమె చేతులకు అది తెలిసిన పని. సరళ మిక్సీలో తిప్పినదానికన్నా మెత్తగా రుబ్బింది. గుడ్డలో పిండితే చిక్కటి పాలు ఒక గ్లాసుకు పైగా వచ్చాయి. పలచటివి ఇంకొంచెం ఎక్కువ.

విరిగిన కూరలోంచి సరళ ముక్కలు ఒక్కొక్కటే తీసి, అంటుకున్న రవ్వలు పోయేలా వేడినీళ్ళలో ముంచి పక్కన పెట్టింది. వేరే గిన్నె పెట్టి ఉల్లిగడ్డ, అల్లం, కరివేపాకు మళ్ళీ మగ్గించింది. ముక్కలు వేసి, పలచటి పాలు పోసింది. ముక్క అప్పటికే ఉడికింది కాబట్టి వేడెక్కి ఉప్పు పట్టేదాకా ఉంటే చాలు. మిరియాలు దంచి చల్లింది.

"చింతపులుసు ఒక చుక్క..." అని సిద్దమ్మ గిన్నె వైపు చెయ్యి చాపి, మధ్యలో ఆగింది. "పొయ్యల్నా వద్దా?"

"వద్దత్తా. పులుపు పడితే ఆ పొర ఇంకా బిరీన గట్టిపడతాది. ఉప్పు కూడా ముందే ఏసేసినా."

"సరే. ఇప్పుడేం చేయాల చెప్పు."

సరళ అత్త మొహం వైపు చూసింది. ఆ మాట ఆ నోటి నుంచి రావడం ఇదే మొదలు.

"మంట తీసేయి. నిప్పులు మాత్రం ఉండనీ."

సిద్దమ్మ వంగి, కాలుతున్న కట్టెలు ఒక్కొక్కటే లాగి బయట పెట్టింది. పొయ్యిలో ఎర్రటి నిప్పుకణికలు మిగిలాయి. సరళ గిన్నె దించి నేల మీద పెట్టింది. కూరలో బుడగలు ఆగిపోయేదాకా చూసింది. అప్పుడు గరిటెడు వేడి కూర రసం తీసి చిక్కటి పాలలో పోసి కలిపింది. మళ్ళీ ఇంకో గరిటె.

"అదెందుకు?"

"పాలు చల్లగా ఉండాయి, కూర కాలుతాంది. ఒక్కసారి పోస్తే ఉలిక్కిపడతాయి. ముందు కొంచెం కొంచెం అలవాటు చేయాల."

వెచ్చబడిన పాలను సన్నటి ధారగా కూరలోకి వంచుతూ, అడుగు నుంచి మెల్లగా కలిపింది. గిన్నెను నిప్పుల మీద పెట్టింది. మూత పెట్టలేదు. మూత పెడితే తెలియకుండానే లోపల పొంగు వస్తుంది. ఇద్దరూ వంగి గిన్నె అంచు వైపు చూస్తున్నారు. అంచు దగ్గర పాలు సన్నగా వణికాయి. ఆవిరి లేచింది. ఒక్క బుడగ రావడానికి సిద్ధపడుతున్నట్టు ఉబ్బింది.

"చాలు," అంది సరళ. ఇద్దరి చేతులూ ఒకేసారి గిన్నె మీదికి పోయాయి. దించింది సిద్దమ్మ.

కూర మొత్తం ఒకటే రంగులో, మీగడలా, గరిటె వెనక వైపు పలచగా అంటుకుని ఉంది. పైన ఒక్క నూనె చుక్క లేదు. సిద్దమ్మ కొంచెం అరచేతిలో వేసుకుని రుచి చూసింది. చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది.

"నూనె తేలకపోయినా పచ్చివాసన ల్యా," అంది తనలో తను అనుకుంటున్నట్టు.

వాకిట్లో బండి ఆగింది. హనుమంతప్ప అనుకుని రామప్ప లేచాడు. వచ్చింది రామాంజనేయులు. హెల్మెట్ తీయకుండానే లోపలికి తల పెట్టాడు.

"వదినా, అయిందా? దిగొచ్చినోళ్ళు స్నానాలకు పోయినారు. క్యారియర్ ఇస్తే తిప్పేష్‌ని ఎక్కించుకుని పోతా."

తిప్పేష్ బ్యాగు జిప్పు వేసి తెచ్చి గడప దగ్గర పెట్టి, చెప్పులేసుకున్నాడు. సరళ కూరను క్యారియర్ గిన్నెలోకి ఒంపుతూ అడిగింది.

"అన్నా, వాళ్ళు పోయిన వెంటనే తింటారా?"

"యాడ వదినా. మిట్ట మీద పైకెక్కినోళ్ళు ఇంకా దిగల్యా. అందరూ వచ్చినాక మళ్ళీ వేడి చేసుకుంటారు. మాకాడ పెద్ద గ్యాసు పొయ్యి ఉండాది, ఒక్క పొంగు రానిస్తే సరి."

సరళ చేయి ఆగింది. సిద్దమ్మ తల ఎత్తి కోడలిని చూసింది.

"పొంగు రానీగూడదన్నా," అంది సరళ. "సన్న మంట మీద పెట్టి, కలుపుతానే ఉండాల. ఆవిరి వస్తానే దించేయాల."

"అయ్యో, నాకవన్నీ యాడ గుర్తుంటాయి. నేను జీపు తోలేవాణ్ణి. నిన్న సాంబారు వేడి చేస్తానని పొయ్యి మీద పెట్టి ఫోన్లో మాట్లాడుకుంటా గిన్నె మాడబెట్టినాడు మావోడు. తిప్పేష్, నువ్వు చెప్తావులే వాళ్ళకు."

"నేను చెప్తా," అన్నాడు తిప్పేష్. "సన్న మంట, అంతే కదా."

"అంచు చూడాల," అంది సిద్దమ్మ.

"ఏం అంచు మా?"

"గిన్నె అంచు. ఆడ వణుకు వస్తాది. అది చూస్తే గానీ తెలియదు."

"అబ్బ, ఏదో ఒకటి చెప్తా. నువ్వీ క్యారియర్ తే."

సరళ గిన్నె మూత బిగించలేదు. పొద్దున్నుంచి జరిగిందంతా ఒక్క మాట చెప్పకపోవడంతోనే జరిగింది. ఇప్పుడు మాట చెప్పినా సరిపోదు. ఇంకో ఇంట్లో, ఇంకో పొయ్యి మీద, ఎవరో ఒకడు గ్యాసు పెద్దది చేసి స్నానానికి పోతాడు. తిరిగొచ్చి మూత తీసేసరికి పైన నూనె తేలి ఉంటుంది. వాళ్ళు మొహాలు చూసుకుంటారు. సాయంత్రానికి ఈ బ్యాగు గడప దగ్గరే ఉంటుంది, పక్కన ఇంకో రెండు చేరతాయి.

ఆ ఇంటికి నువ్వు పోయే పని ల్యా అన్నాడు తిప్పేష్. సరేనంది తను.

ఆమె కూరను క్యారియర్లోంచి మళ్ళీ వండిన గిన్నెలోకే వంచింది. గరిటె కడిగి గిన్నెలో పెట్టింది. అంచుల చుట్టూ తడి గుడ్డ చుట్టింది.

"ఏం చేస్తాండావ్?" అన్నాడు తిప్పేష్. "క్యారియర్లో పోసినది మళ్ళీ తీసేదేంది? సరళా, నిన్నే."

రామాంజనేయులు హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. రామప్ప ఖాళీ సంచిని మడుస్తున్నాడు. సిద్దమ్మ తన పాత చీర చెంగు ముక్కను గుండ్రంగా చుట్టి కుదురు చేసి, కోడలి తల మీద పెట్టి సరిచేసింది. గిన్నె ఎత్తి దాని మీద నిలబెట్టింది. రెండు చేతులూ ఒక క్షణం గిన్నె మీదే ఉంచి, తర్వాత తీసేసింది.

తిప్పేష్ వాకిలికి అడ్డంగానే ఉన్నాడు. సరళ అతని ఎదురుగా వచ్చి ఆగింది. అతని మొహం వైపు చూసింది. అతను తల్లి వైపు చూసి, ఒక పక్కకు జరిగాడు.

గడప దగ్గర బ్యాగు ఉంది. సరళ గిన్నె కదలకుండా మెడ నిలిపి, కాలు ఎత్తి, బ్యాగు దాటి, మిట్ట కింది ఇంటి వైపు ఎండలోకి నడిచిపోయింది.